163 గంటల బిల్లుకు రాయాల్సిన జవాబు

తిరుపతిలో ఆహార పరిశ్రమలకు సలహాలిచ్చే కన్సల్టెంట్ ఒకరున్నారనుకుందాం. చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఆయనకొక పని అప్పజెప్పింది. రైతు లోడు వేబ్రిడ్జి ఎక్కినప్పటి నుంచి గుజ్జు డ్రమ్ములోకి చేరేదాకా, ఏ లోడు కాయ ఏ బ్యాచ్‌లోకి పోయిందో ఎప్పుడడిగినా లెక్క చూపించే పద్ధతి కావాలి. పద్ధతి ఆయన రాసిచ్చారు. దానికి అవసరమైన చిన్న సాఫ్ట్‌వేర్ పనిని తిరుపతిలోనే ఉన్న ఒక డెవలపర్‌కు సబ్ కాంట్రాక్టుగా ఇచ్చారు. మే 5న ఒప్పందం రాసుకున్నారు. గంటకు 1,500 రూపాయలు, 120 గంటలు, జీఎస్టీ అదనం. జూన్ 10న సాఫ్ట్‌వేర్ అప్పగించారు. జూన్ 20 తేదీ వేసిన బిల్లు మర్నాడు అందింది. అందులో 163 గంటలున్నాయి.

120 గంటలకు 1,80,000 అవుతుందనుకున్న మనిషికి 2,44,500, దాని మీద 18 శాతం జీఎస్టీ 44,010, వెరసి 2,88,510 కనిపిస్తే వెంటనే ఫోన్ చేయాలనిపిస్తుంది. చేస్తారు కూడా. ఆ ఫోన్లో ఇద్దరూ గొంతు పెంచుతారు, చివర్లో "చూద్దాంలేండి" అని పెట్టేస్తారు. ఆ "చూద్దాం"ని డెవలపర్ ఒప్పుకున్నట్టు లెక్కేసుకుంటాడు, కన్సల్టెంట్ వాయిదా వేసినట్టు లెక్కేసుకుంటారు. నెల తిరిగేసరికి చేతిలో ఒక్క కాగితమూ ఉండదు. ఫోన్ చేయొద్దని కాదు. టైమ్‌షీట్ పంపమని అడగడానికి మాత్రమే చేయండి, అడిగినట్టు వెంటనే ఒక మెయిల్ పెట్టండి.

ఇలాంటి బిల్లుకు రాసే ఉత్తరం గట్టిగా ఉండాలని అందరూ అంటారు. గట్టిగా అంటే ఏమిటో తేల్చుకునే దగ్గరే తేడా వస్తుంది. చాలామంది 43 గంటలనూ ఒక్క ముక్కలో కొట్టేస్తారు: "మీ అదనపు గంటలు మాకు సంబంధం లేదు, 120కే చెల్లిస్తాం." చదవడానికి బలంగానే ఉంటుంది. కానీ ఆ 43లో ఒక అయిదు గంటలు మీరే చేయమన్నవైతే, ఉత్తరం మొత్తం ఆ అయిదు గంటల దగ్గర విరిగిపోతుంది. నా వాదన అంతా ఆ అయిదు గంటల గురించే. దానికి ముందు ఒప్పందంలో చూడాల్సిన ఒక మాట ఉంది.

"సుమారు" అని ఉందా, "మించకుండా" అని ఉందా

గంటల లెక్క మీద రాసుకునే ఒప్పందాల్లో 120 అనే అంకె రెండు రకాలుగా కూర్చుంటుంది. "ఈ పనికి సుమారు 120 గంటలు పడుతుందని అంచనా" అని ఉంటే అది అంచనా. పని నిజాయితీగా 135 గంటలు పట్టిందని టైమ్‌షీట్ చూపిస్తే, అంచనా దాటినంత మాత్రాన ఆ 15 గంటలు చెల్లవని గట్టిగా అనలేం. ఎందుకు పెరిగిందో ముందే చెప్పలేదేమని అడగగలం, కొంత తగ్గించమని బేరమాడగలం, అంతే. "మొత్తం గంటలు 120కి మించకూడదు, మించాల్సి వస్తే ఆ పని మొదలుపెట్టకముందే రాతపూర్వక అనుమతి తీసుకోవాలి" అని ఉంటే అది హద్దు. హద్దు దాటిన గంటలకు అనుమతి చూపించాల్సిన భారం బిల్లు వేసినవాడిది.

ఈ రెండింటిలో మీది ఏదో తేల్చుకోకుండా ఉత్తరం మొదలుపెట్టకండి. "సుమారు" ఉన్న ఒప్పందం చేతిలో పెట్టుకుని హద్దు భాషలో రాస్తే, అవతలివాడు మీ ఒప్పందాన్నే స్కాన్ చేసి, ఆ మాట కింద గీత గీసి తిరిగి పంపుతాడు. హద్దు ఉన్న ఒప్పందం పెట్టుకుని "కాస్త ఎక్కువ వేశారేమో, ఒకసారి చూడగలరు" అని రాసేవాళ్లూ ఉన్నారు. అలా రాస్తే ఉన్న బలాన్ని చేజేతులా బేరానికి పెట్టినట్టే.

మన ఉదాహరణలో నాలుగో క్లాజు హద్దు. అయిదో క్లాజు ప్రకారం ప్రయాణ సమయానికి రుసుము లేదు, బస్సు లేదా కారు ఖర్చు మాత్రం రసీదు మేరకు ఇస్తారు. ఏడో క్లాజు ప్రకారం అప్పగించిన 30 రోజుల్లో బయటపడే లోపాలను ఉచితంగా సరిచేయాలి. సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో అనుబంధం 'ఎ'లో వరసగా రాసుకున్నారు. ఫోన్ కాల్స్ గురించి ఎక్కడా ఏమీ లేదు.

43 గంటలను విప్పితే

టైమ్‌షీట్ వచ్చాక ఒక పట్టిక గీయండి: తేదీ, పని, వేసిన గంటలు, వర్తించే క్లాజు, మన మాట. ఈ అయిదు గడులే ఉత్తరానికి వెన్నెముక. అలా గీస్తే 43 గంటలు నాలుగు కుప్పలుగా విడిపోయాయి.

మొదటిది, "కాల్స్, కోఆర్డినేషన్" పేరుతో 18 గంటలు. ఒప్పందంలో కాల్స్‌కు విడిగా డబ్బు లేదనీ లేదు, ఉందనీ లేదు. ఇక్కడ "మాట్లాడినదానికి డబ్బులేంటి" అని వాదించకూడదు. గంటల లెక్కన పనిచేసేవాడికి పని గురించి మాట్లాడటమూ పనే. సరైన జవాబు వేరు: కాల్స్ పనిలో భాగమే, కాబట్టి అవి 120 హద్దు లోపలే ఉండాలి. హద్దు "మొత్తం గంటల"కు పెట్టింది, కోడ్ రాసిన గంటలకు మాత్రమే కాదు.

రెండోది, జూన్ 12 నుంచి 16 మధ్య "బగ్ ఫిక్స్" 14 గంటలు. ఇది లోపమా, కొత్త కోరికా అన్నదే ప్రశ్న. దాన్ని తేల్చేది అనుబంధం 'ఎ'. ఒకే లారీ ఒకే రోజు రెండుసార్లు వేబ్రిడ్జి ఎక్కితే, రెండో తూకం చీటీ మొదటి చీటీ మీద పడి మొదటి లెక్క మాయమయ్యేది. అనుబంధంలో "ప్రతి తూకం చీటీ ఒక బ్యాచ్ నంబరుకు అనుసంధానం కావాలి" అని ఉంది. ప్రతి చీటీ అన్నప్పుడు రెండో చీటీ కూడా అందులోకే వస్తుంది. లారీ రోజుకు రెండు ట్రిప్పులు వేస్తుందని మాకెవరూ చెప్పలేదని డెవలపర్ అనొచ్చు. సీజన్లో చిత్తూరు రోడ్ల మీద అరగంట నిలబడితే ఆ సంగతి తెలుస్తుందనుకోండి, ఆ మాట ఉత్తరంలో అక్కర్లేదు. అనుబంధంలోని వాక్యం ఒక్కటి చాలు.

మూడోది ప్రయాణం, 6 గంటలు. అయిదో క్లాజు నోరు తెరిచి చెబుతోంది కాబట్టి దీనికి ఒక్క వాక్యం మించి రాయొద్దు.

నాలుగోది "రైతువారీ చెల్లింపు రిపోర్టు", 5 గంటలు. అనుబంధంలో ఈ రిపోర్టు లేదు. ఫ్యాక్టరీ మేనేజరు వాట్సాప్ గ్రూపులో అడిగారు. డెవలపర్ "సార్, ఇది అదనం, అయిదు గంటలు పడుతుంది" అని రాశాడు. కన్సల్టెంట్ దానికి బొటనవేలు ఎత్తిన బొమ్మ పెట్టారు. రిపోర్టు తయారైంది, ఫ్యాక్టరీ దాన్ని రోజూ వాడుకుంటోంది.

ఆ అయిదు గంటలు

"ఒకటి ఒప్పుకుంటే అన్నీ అడుగుతాడు" అన్నది వ్యాపారంలో బాగా నలిగిన సలహా. నాలుగో క్లాజులో రాతపూర్వక అనుమతి అన్నారు, బొటనవేలు రాత కాదు కదా, కాబట్టి అదీ కొట్టేయండి అంటారు. నేను ఒప్పుకోను. దీనికి న్యాయాన్యాయాల కారణం ఉంది. దాన్ని పక్కన పెట్టినా, లెక్క కారణాలే సరిపోతాయి.

రాతలో తప్ప మార్పు చెల్లదన్న షరతును కూడా ఇరుపక్షాలూ తమ నడవడితో సడలించుకున్నారని వాదించే వీలుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 62వ సెక్షన్ ఇద్దరూ కలిసి ఒప్పందాన్ని మార్చుకోవచ్చంటుంది. డెవలపర్ గంటలతో సహా అడిగాడు, మీరు బొటనవేలు ఎత్తారు, అతను చేశాడు, మీరు తీసుకున్నారు. కెనడాలోని సస్కాచెవాన్ కోర్టు 2023లో ఒక అవిసె గింజల అమ్మకం కేసులో సరిగ్గా ఇలాంటి బొటనవేలి బొమ్మనే ఒప్పందం మీద సంతకంగా లెక్కలోకి తీసుకుంది. ఆ తీర్పు మన కోర్టులను కట్టిపడేయదు. కానీ "అదొక బొమ్మ, దానికేం విలువ" అని తేలిగ్గా తోసేసే కాలం పోయిందని చెప్పడానికి చాలు.

ఒప్పందం లేదనే వాదన నెగ్గినా అదే చట్టంలోని 70వ సెక్షన్ మిగిలే ఉంటుంది. ఊరికే చేసే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయబద్ధంగా పనిచేసి, ఇంకొకరు దాని లాభం అనుభవిస్తే, ఆ లాభం పొందినవారు పరిహారం ఇవ్వాలన్నది దాని సారం. 1961లో బి.కె. మండల్ అండ్ సన్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని వివరిస్తూ, ఆ పనిని వద్దనే అవకాశం ఉండి కూడా స్వచ్ఛందంగా తీసుకున్నప్పుడే ఈ బాధ్యత వస్తుందని చెప్పింది. రిపోర్టు సంగతిలో కన్సల్టెంట్‌కు వద్దనే అవకాశం ఉంది. అనలేదు.

ఇదే గీటురాయి మిగతా 38 గంటలకు పెట్టి చూడండి. కాల్స్‌కు, లోపాల సవరణకు, ప్రయాణానికి విడిగా డబ్బులవుతాయని ఎవరూ ముందు అడగలేదు. అవన్నీ ఉన్న ఒప్పందం పరిధిలోవే. ఒప్పందమే మాట్లాడిన చోట 70వ సెక్షన్‌ను పట్టుకొచ్చి వేరే లెక్క అడగడం కుదరదు. అంటే అయిదు గంటలను ఒప్పుకోవడానికి ఏది కారణమో, 38ని కాదనడానికీ అదే కారణం. ఉత్తరంలో ఈ రెండూ పక్కపక్కన కనబడితే, చదివేవారికి ఈ మనిషి తోచినట్టు కోత వేయలేదు, ఒకే కొలతతో కొలిచాడని అర్థమవుతుంది. మొత్తం 43నీ కొట్టేస్తే, అవతలివాడు ఆ ఒక్క వాట్సాప్ బొమ్మను ముందు పెట్టి మీ పట్టిక అంతా అబద్ధమంటాడు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఒప్పుకోలు ఆ అంశానికే పరిమితమని, నాలుగో క్లాజు ఇకముందూ యథాతథంగా అమల్లో ఉంటుందని అక్కడే రాయాలి. ఇంకొకటి. ఆ అయిదు గంటల ఖర్చును ఫ్యాక్టరీ నుంచి రాబట్టుకోవడం కన్సల్టెంట్ పని. అడిగింది వాళ్ల మేనేజరు. కానీ ఆ వసూలుకూ డెవలపర్‌కూ ముడిపెట్టి "వాళ్లు ఇస్తే నీకిస్తా" అనడం కుదరదు.

పదిహేను రోజులు ఎప్పటి నుంచి

బిల్లు మీద ఉద్యమ్ నంబరు, అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు ప్రభుత్వమిచ్చే నమోదు నంబరు, ఉందేమో చూడండి. ఉండి, ఆ సంస్థ సూక్ష్మ లేదా చిన్న తరహాదైతే 2006 నాటి ఎమ్మెస్‌ఎమ్‌ఈ అభివృద్ధి చట్టం రంగంలోకి వస్తుంది. సేవ అందిన రోజు నుంచి 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, ఆ సేవను స్వీకరించినట్టే లెక్క. చాలామంది ఈ 15 రోజులను బిల్లు తేదీ నుంచి లెక్కపెడతారు. చట్టం లెక్కపెట్టేది సేవ అందిన రోజు నుంచి. మన ఉదాహరణలో జూన్ 10న అప్పగించారు, కాబట్టి గడువు జూన్ 25. బిల్లు అందింది 21న. చేతిలో ఉన్నది నాలుగే రోజులు. లోపాల సవరణ 16 దాకా సాగింది కాబట్టి అక్కడి నుంచి లెక్కపెట్టాలని వాదించొచ్చు. కానీ వాదించి గెలవాల్సిన గడువు మీద ఆధారపడటం ఎందుకు? ముందు వచ్చే తేదీనే పట్టుకోండి.

ఈ నియమం మాట్లాడేది సేవను స్వీకరించడం మీద అభ్యంతరం గురించి. ధర మీద గొడవ అందులోకి నేరుగా రాదని ఎదుటివాళ్లు అనవచ్చు. అందుకే ఉత్తరంలో "బిల్లు ఎక్కువైంది" అని ఆపకుండా, "125 గంటల సేవను మాత్రమే ఒప్పందం కింద రుసుము చెల్లించాల్సిన సేవగా స్వీకరించాం" అని రాయాలి.

ఆలస్యానికి ఈ చట్టం వేసే వడ్డీ మామూలుది కాదు. రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. వివాదం ఈ చట్టం కింద బాకీ గొడవలను తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లి, తీర్పు మీకు వ్యతిరేకంగా వస్తే, దాన్ని కోర్టులో సవాలు చేయడానికి ముందు 75 శాతం సొమ్ము జమచేయాలి. అందుకే 38 గంటల గొడవ కోసం 125 గంటల సొమ్మును ఆపడం అన్నిటికంటే పెద్ద తప్పు. ఆపిన రోజు నుంచి బాకీదారు మీరవుతారు.

ఉత్తరం

ఒప్పందం ఇంగ్లీషులో ఉంటే ఉత్తరమూ ఇంగ్లీషులోనే రాయండి, క్లాజుల మాటలను మార్చకుండా ఎత్తిరాయండి. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

> తిరుపతి,
> 23-06-2025
>
> విషయం: మీ బిల్లు నం. 047, తేదీ 20-06-2025లో 38 గంటలపై అభ్యంతరం. 125 గంటల సొమ్ము చెల్లింపు.
>
> సూచిక: 05-05-2025 నాటి ఒప్పందం, అనుబంధం 'ఎ', 22-06-2025న మీరు పంపిన టైమ్‌షీట్.
>
> అయ్యా,
>
> పై బిల్లు ఈ నెల 21న అందింది. అందులో 163 గంటలకు, జీఎస్టీతో కలిపి రూ. 2,88,510 కోరారు. ఒప్పందం నాలుగో క్లాజు ప్రకారం మొత్తం గంటలు 120కి మించకూడదు. మించాల్సి వస్తే ఆ పని మొదలుకాకముందే రాతపూర్వక అనుమతి ఉండాలి.
>
> మీ టైమ్‌షీట్‌ను వరసవారీగా ఒప్పందంతో పోల్చి చూశాం. పట్టిక జతచేశాం. 120 గంటలకు పైన వేసిన 43 గంటలపై మా నిర్ణయం ఇది.
>
> రైతువారీ చెల్లింపు రిపోర్టు, 5 గంటలు: ఇది అనుబంధం 'ఎ'లో లేని పని. 28-05-2025న వాట్సాప్‌లో మీరు గంటలు తెలిపి అడిగారు, మేము సమ్మతించాం. ఈ 5 గంటలను ఒప్పుకుంటున్నాం. ఈ సమ్మతి ఈ ఒక్క అంశానికే పరిమితం. నాలుగో క్లాజులోని రాతపూర్వక అనుమతి షరతు యథాతథంగా అమల్లో ఉంటుంది.
>
> కాల్స్, కోఆర్డినేషన్, 18 గంటలు: ఇవి ఒప్పందం పనిలో భాగం కాబట్టి 120 గంటల హద్దులోనివే. హద్దు దాటడానికి మీరు అనుమతి కోరలేదు, మేము ఇవ్వలేదు. ఒప్పుకోవడం లేదు.
>
> జూన్ 12 నుంచి 16 వరకు లోపాల సవరణ, 14 గంటలు: అనుబంధం 'ఎ', మూడో అంశం ప్రకారం ప్రతి తూకం చీటీ ఒక బ్యాచ్ నంబరుకు అనుసంధానం కావాలి. ఒకే వాహనానికి ఒకే రోజు వచ్చిన రెండో చీటీ అలా కాలేదు. ఇది ఏడో క్లాజు కింద 30 రోజుల్లోపు ఉచితంగా సరిచేయాల్సిన లోపం. ఒప్పుకోవడం లేదు.
>
> ప్రయాణ సమయం, 6 గంటలు: అయిదో క్లాజు ప్రకారం రుసుము లేదు. ప్రయాణ ఖర్చు రసీదులు పంపితే చెల్లిస్తాం.
>
> కాబట్టి 125 గంటల సేవను మాత్రమే రుసుము చెల్లించాల్సిన సేవగా స్వీకరించాం. దీని విలువ రూ. 1,87,500, జీఎస్టీ రూ. 33,750, మొత్తం రూ. 2,21,250. వర్తించే టీడీఎస్ మినహాయించి ఈ సొమ్మును ఈ రోజే మీ ఖాతాకు పంపాం. ఈ చెల్లింపు ఆ 125 గంటలకు మాత్రమే. మిగిలిన 38 గంటలకు సంబంధించిన రూ. 57,000, దానిపై జీఎస్టీ రూ. 10,260, మొత్తం రూ. 67,260 బాకీ ఉన్నట్టు మేము అంగీకరించడం లేదు.
>
> జూలై 4లోపు రూ. 67,260 మేరకు సవరించిన బిల్లు గానీ క్రెడిట్ నోట్ గానీ పంపండి. 38 గంటలకు మా రాతపూర్వక అనుమతి మీ దగ్గర ఉంటే దాని ప్రతిని అదే తేదీలోపు పంపండి, పరిశీలిస్తాం.
>
> బిల్లు అడుగున అచ్చయిన "3 రోజుల్లో అభ్యంతరం చెప్పనిచో అంగీకరించినట్టే", "24 శాతం వడ్డీ" అన్న షరతులు మన ఒప్పందంలో లేవు. వాటికి మేము సమ్మతించలేదు.
>
> ఏడో క్లాజు కింద మీ సేవలు జూలై 10 వరకు కొనసాగుతాయని భావిస్తున్నాం.
>
> ఇట్లు,
> (సంతకం)

ఇందులో లేనివి, ఎందుకు లేవు

ఉత్తరం నెత్తిన "వితౌట్ ప్రెజుడిస్" అని అచ్చు వేయడం చాలామందికి అలవాటు. ఆ ముద్ర వేస్తే బలం వస్తుందనుకుంటారు. రాజీ మాటలను రేపు సాక్ష్యంగా వాడకూడదన్న షరతుతో రాసే ఉత్తరాలకు అది పనికొస్తుంది. ఈ ఉత్తరం సంగతి పూర్తిగా తిరగబడి ఉంది. రేపు కౌన్సిల్ ముందో కోర్టు ముందో మనమే దీన్ని చూపించి, గడువులోపే అభ్యంతరం చెప్పామని అనాలి. మన సాక్ష్యానికి మనమే అడ్డు ముద్ర కొట్టుకోవడం దేనికి?

"మోసం", "దోపిడీ" లాంటి మాటలు లేవు. అవి రాస్తే జవాబు వాటికే వస్తుంది, 38 గంటలకు రాదు. కేసు వేస్తామన్న బెదిరింపూ లేదు. డబ్బు మన దగ్గరే ఉన్నప్పుడు కేసు వేయాల్సింది అతను.

"పూర్తి, తుది చెల్లింపు" అన్న మాట కూడా లేదు. బ్యాంకు వివరణలో ఆ మాట దూర్చి, అవతలివాడు డబ్బు తీసుకున్నాడు కాబట్టి లెక్క తీరిపోయిందని వాదించే తెలివి కొందరికి ఉంది. అతను ఆ షరతుకు ఒప్పుకునే తీసుకున్నాడని రుజువు చేయలేనప్పుడు ఆ తెలివి అక్కరకు రాదు. వివరణ గడిలో ఇది చాలు:

```
INV 047 - 125 HRS ONLY
```

జూలై 4 అన్న గడువు ఊరికే పెట్టింది కాదు. నెలనెలా రిటర్ను వేసే డెవలపర్ జూన్ బిల్లులను జూలై 11లోపు జీఎస్టీఆర్-1లో చూపించాలి. ఆలోపు తేలితే బిల్లునే సవరించి సరైన అంకె ఎక్కించుకోవచ్చు. ఒకసారి ఎక్కించి పన్ను కట్టాక, వెనక్కి తగ్గడమంటే అతనికి ఇంకో పని, ఇంకో ఖర్చు. అప్పుడు మొండికేస్తాడు. ఎక్కించాకైనా దారి మూసుకుపోదు. క్రెడిట్ నోట్‌ను ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30లోపు, లేదా అతను వార్షిక రిటర్ను వేసేలోపు, ఏది ముందైతే అప్పటిదాకా చూపించుకోవచ్చు.

మీ వైపు లెక్కల్లో కూడా ఉత్తరంలో ఉన్నదే ఉండాలి. మొత్తం 2,88,510 ఖర్చు రాసేసి, మొత్తం మీద టీడీఎస్ కోసి, మొత్తం జీఎస్టీ క్రెడిట్ తీసుకుని, ఉత్తరంలో మాత్రం ఒప్పుకోవడం లేదంటే ఎవరు నమ్ముతారు? అకౌంటెంట్‌కు ఉత్తరం ప్రతి ఇవ్వని చోట్ల సరిగ్గా ఇదే జరుగుతుంది. జీఎస్టీ పోర్టల్లో పూర్తి బిల్లు కనబడినా 33,750 క్రెడిట్ మాత్రమే తీసుకుని 10,260ని వదిలేయాలి. తీసుకున్నా నిలవదు. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో చెల్లించని భాగానికి తీసుకున్న క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాల్సిందే.

ఇవన్నీ సరిగ్గా చేసి ఒక్కటి మరిచిపోతే సీజను దెబ్బతింటుంది. సర్వరు పాస్‌వర్డులు డెవలపర్ దగ్గరే ఉన్నాయా? ఉత్తరం పంపడానికి ముందు రోజే డేటా బ్యాకప్ తీసుకోండి, అడ్మిన్ లాగిన్ మీ చేతిలో ఉందో లేదో పరీక్షించండి, సోర్స్ కోడ్ అందకపోయి ఉంటే తెప్పించుకోండి. బిల్లు గొడవలో ఎవరో కోపంతో సర్వరు ఆపితే, గేటు బయట లోడు లారీలు నిలబడిపోతాయి, కాయ అక్కడే మెత్తబడిపోతుంది. 67,260 మీద గెలుపు అప్పుడు ఎవరికీ గుర్తుండదు.

పంపడం రెండు దారుల్లో చేయండి. ఒప్పందంలో రాసిన మెయిల్ చిరునామాకు ఒకటి, స్పీడ్ పోస్టులో ఒకటి. రసీదు, అందినట్టు రుజువు ఫైల్లో పెట్టండి. వాట్సాప్ సంభాషణను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా మొత్తంగా ఎక్స్‌పోర్ట్ చేసి దాచండి, ఫోన్‌ను మార్చేసినా పారేయకండి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం, ఎలక్ట్రానిక్ రికార్డు ప్రతిని ఆధారంగా పెట్టాలంటే దానికి ధ్రువపత్రం జతచేయాలి. అసలు ఫోన్ ఉంటే ఆ పని తేలిక.

జవాబు వచ్చాక

సాధారణంగా వచ్చే జవాబు మూడు రకాలు. క్రెడిట్ నోట్ వస్తే పని అయిపోయింది. "గత నెల వేరే పనిలో అదనపు గంటలకు ఇచ్చారు కదా" అని వస్తే జాగ్రత్తగా చదవండి. నిజంగా అనుమతి లేకుండా గతంలో ఇచ్చి ఉంటే, అది వేరే ఒప్పందం కింద జరిగిందని చూపించాలి. అదే ఒప్పందం కిందైతే మీ హద్దు కొంత మెత్తబడినట్టే, కాల్స్ కుప్ప మీద బేరానికి సిద్ధపడాలి.

ఎక్కువగా వచ్చేది మూడోది: "సగం సగం చేసుకుందాం సార్." 38లో 19 అన్నమాట. ఇది న్యాయంగా వినిపిస్తుంది గానీ, మూడు కుప్పలను మళ్లీ కలిపేసే ఎత్తు. సగాన్ని ఒప్పుకోకండి, కుప్పలవారీగా మాట్లాడండి. ప్రయాణం మీద క్లాజు సూటిగా ఉంది, అక్కడ బేరం లేదు. లోపాల సవరణలోనూ లేదు. ఇస్తే రేపు ప్రతి లోపానికీ బిల్లు వస్తుంది. కాల్స్ కుప్పలో మాత్రం, ఫ్యాక్టరీ మేనేజరు ఒకే సంగతిని నాలుగుసార్లు మార్చి చెప్పడం వల్ల కాల్స్ పెరిగాయని టైమ్‌షీట్ చూపిస్తుంటే, నాలుగైదు గంటలు ఇవ్వడం పెద్ద నష్టం కాదు. అయిదు గంటలకు 7,500, జీఎస్టీతో 8,850. కౌన్సిల్ చుట్టూ తిరిగే ఖర్చుతో పోలిస్తే ఇది తక్కువే.

"వితౌట్ ప్రెజుడిస్" అవసరమయ్యేది ఇప్పుడు. ఈ ప్రతిపాదనను విడి కాగితం మీద, ఆ ముద్రతో పంపండి. జూన్ 23 ఉత్తరానికి జతచేయకండి. అందులో క్రమం కూడా రాయండి: ముందు 33 గంటలకు, అంటే 58,410 రూపాయలకు క్రెడిట్ నోట్, అది మీ పోర్టల్లో కనబడ్డాక మూడు రోజుల్లో 8,850 చెల్లింపు. డబ్బు ముందు వెళ్లిపోతే క్రెడిట్ నోట్ కోసం నవంబరు దాకా ఫోన్లు చేస్తూనే ఉండాలి.